కిలోమీటరు రాళ్ల మధ్య సమయం కొలిచి మీ వాహనం అసలు వేగాన్ని తెలుసుకోవడం ఎలా?

"కారు స్పీడోమీటర్ 80 చూపిస్తోంది, అదే సమయంలో ఫోన్‌లోని జీపీఎస్ 76 చూపిస్తోంది. రెండింటిలో దేన్ని నమ్మాలి?" అని పాఠకులు నన్ను పదేపదే అడుగుతున్నారు. ఈ రెండింటికీ సంబంధం లేని మూడో సాక్షి రోడ్డు పక్కనే నిలబడి ఉంది. అదే కిలోమీటరు రాయి. ఒక రాయి నుంచి మరో రాయికి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలిస్తే, 3600ను ఆ సెకన్లతో భాగించగా వచ్చేదే గంటకు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క. సూత్రం ఇంతే. అయితే రాళ్లను ఎలా ఎంచుకోవాలి, మీట ఎప్పుడు నొక్కాలి, వచ్చిన అంకె సరైనదో కాదో ఎలా తేల్చుకోవాలి అన్న చోట్లనే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు కనుక, ఆ విషయాలనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక

వాహనం నడుపుతున్నవారు ఈ కొలత చేయకూడదు. గంటకు 76 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఒక్క సెకనులో 21 మీటర్లు దాటిపోతుంది. రాయి కోసం పక్కకు చూసి, ఫోన్ మీట నొక్కి, మళ్లీ రోడ్డు వైపు చూసేసరికి రెండు మూడు సెకన్లు గడిచిపోతాయి. కారులోనైతే పక్క సీట్లో ఉన్నవారు, బస్సులోనైతే కిటికీ దగ్గర కూర్చున్నవారు కొలవాలి. ఒంటరిగా ప్రయాణించేవారికి వేరే మార్గం ఉంది, దాన్ని తరువాత చెబుతాను.

కావలసినవి

- ల్యాప్ మీట ఉన్న స్టాప్‌వాచ్. ఫోన్‌లోని గడియారం యాప్‌లో ఉండేది చాలు.
- అంకెలు రాసుకోవడానికి ఒక కాగితం, పెన్ను.
- కనీసం ఐదు కిలోమీటర్ల పాటు ఒకే వేగంతో వెళ్లగలిగే, రద్దీ తక్కువగా ఉన్న దారి. టోల్‌గేట్లు, ఊళ్లు, పనులు జరుగుతున్న చోట్లు మధ్యలో రాకూడదు.
- వేగాన్ని స్థిరంగా నిలపగలిగే డ్రైవరు. క్రూయిజ్ కంట్రోల్ ఉంటే మరీ మంచిది.

రాళ్లను గుర్తించడం

జాతీయ రహదారిపై కిలోమీటరు రాయి తల పసుపు రంగులోనూ, రాష్ట్ర రహదారిపై ఆకుపచ్చ రంగులోనూ ఉంటుంది. వీటి మధ్యలో చాలా రహదారులపై 2, 4, 6, 8 అంకెలు మాత్రమే రాసి ఉన్న చిన్న రాళ్లు కనిపిస్తాయి. అవి 200 మీటర్లకు ఒకటి చొప్పున పాతినవి. 2 అంటే కిలోమీటరు రాయి దాటాక 200 మీటర్లు, 8 అంటే 800 మీటర్లు అని అర్థం. మీరు ఎదురు దిశలో వెళ్తుంటే అవి 8, 6, 4, 2 వరుసలో వస్తాయి.

పెద్ద రాళ్లపై ఉన్న ఊరి పేరునూ, దాని కింది అంకెనూ కలిపి చదవడం అలవాటు చేసుకోండి. ఒక రాయిపై దగ్గరి ఊరు, ఇంకో రాయిపై దూరపు పట్టణం రాసి ఉండవచ్చు. పేరు చూడకుండా అంకె మాత్రమే చూస్తే దూరం ఒక్కసారిగా పెరిగినట్లు తోచి గందరగోళం కలుగుతుంది. జాతీయ రహదారుల్లో ఒక రాయిపై పేరు తెలుగులో, మరోదానిపై హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండటం కూడా మామూలే.

కొలిచే విధానం

1. వేగాన్ని ముందే నిలపండి. కొలత మొదలయ్యే రాయికి కనీసం అర కిలోమీటరు ముందే స్పీడోమీటర్ ముల్లు మీరు అనుకున్న అంకె దగ్గర కుదురుకుని ఉండాలి. రాయి దాటాక వేగం పెంచుతూ పోతే మీకు వచ్చేది సగటు మాత్రమే, ముల్లు చూపిన అంకెతో దాన్ని పోల్చడానికి వీలుండదు.

2. చూపుకు ఒక గీత పెట్టుకోండి. రాయి "పక్కకు వచ్చినప్పుడు" అని అంచనాగా అనుకుంటే ప్రతిసారీ ఆ క్షణం మారిపోతుంది. తలుపు కిటికీ వెనుక అంచును గీతగా తీసుకుని, రాయి ఆ అంచు చాటుకు పోయిన క్షణాన్నే లెక్కించండి. సీటుకు వీపు ఆనించి, తలను ఒకే చోట ఉంచండి. మొదటి రాయిని ముందు అద్దంలోంచి చూసి, చివరి రాయిని పక్క కిటికీలోంచి చూడటం కంటే పెద్ద పొరపాటు ఈ పనిలో లేదు.

3. మొదటి రాయి అంచు చాటుకు పోగానే స్టాప్‌వాచ్ మొదలుపెట్టండి. ఆ రాయిపై ఉన్న ఊరు, అంకె పైకి చదవండి. వెనుక సీట్లో ఎవరైనా ఉంటే వారిచేత రాయించండి.

4. తరువాతి ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా ల్యాప్ నొక్కండి. గడియారాన్ని ఆపవద్దు. ప్రతి కిలోమీటరు సమయం విడిగా ఉండటం ఎందుకు అవసరమో కింది ఉదాహరణలో తెలుస్తుంది.

5. ఐదో కిలోమీటరు ముగిసే రాయి దగ్గర ఆపండి. రాయిపై అంకె మొదటిదానికంటే సరిగ్గా 5 తేడాతో ఉందో లేదో చూడండి. మధ్యలో ఒక రాయి కొట్టుకుపోయో, పొదల్లో కప్పబడిపోయో ఉంటే రాళ్లను లెక్కపెట్టిన వారికి దూరం తప్పుతుంది, అంకెలను చదివిన వారికి తప్పదు.

6. మొత్తం దూరాన్ని 3600తో హెచ్చించి మొత్తం సెకన్లతో భాగించండి.

లెక్క చేసే తీరిక లేనప్పుడు కొన్ని అంకెలు గుర్తుంచుకుంటే చాలు. కిలోమీటరుకు 60 సెకన్లు పడితే వేగం 60, 50 పడితే 72, 45 పడితే 80, 40 పడితే 90, 36 పడితే 100. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు 72 సెకన్లు అంటే 50, 90 సెకన్లు అంటే 40.

ఒక కొలత, పూర్తి వివరాలతో

సూర్యాపేట నుంచి కోదాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారిపై వెళ్తున్నప్పుడు నేను చేసిన కొలత ఇది. బావగారు నడుపుతున్నారు, నేను పక్క సీట్లో ఉన్నాను. "బావా, ముల్లు ఎనభై మీదే ఉంచండి, ఐదు కిలోమీటర్ల దాకా కదలనివ్వకండి" అని చెప్పి, "కోదాడ 31" అన్న రాయి దగ్గర గడియారం మొదలుపెట్టి, "కోదాడ 26" దగ్గర ఆపాను. ఒక్కో కిలోమీటరుకు పట్టిన సెకన్లు ఇలా వచ్చాయి:

47.6, 47.2, 49.9, 45.1, 47.5

మొత్తం 237.3 సెకన్లు. 5 × 3600 అంటే 18000, దాన్ని 237.3తో భాగిస్తే 75.9 వస్తుంది. అంటే ముల్లు 80 దగ్గర ఉన్నప్పుడు కారు అసలు వేగం సుమారు 76.

ఇప్పుడు మూడో, నాలుగో అంకెలను చూడండి. మూడో కిలోమీటరు ఒక్కదాన్నే కొలిచి ఉంటే వేగం 72.1 అని తేలేది. నాలుగోదాన్ని మాత్రమే కొలిచి ఉంటే 79.8 వచ్చి, స్పీడోమీటర్ అక్షరాలా సరిగ్గా ఉందని సంతోషించేవాళ్లం. రెండూ తప్పే. ముల్లు కదలలేదని బావగారు గట్టిగా చెబుతున్నారు, పైగా ఒకటి ఎంత పెరిగిందో పక్కది ఇంచుమించు అంతే తగ్గింది. డ్రైవరు కాలు వదిలితే సమయం పెరుగుతుంది గానీ, ఆ వెంటనే అంతే మొత్తంలో తగ్గదు. ఈ జంట గుర్తు కనిపించిందంటే ఆ రెంటి మధ్య ఉన్న రాయి సరైన చోట లేదని అర్థం. 2.4 సెకన్లలో ఆ వేగంతో కారు 50 మీటర్లు పోతుంది కనుక ఆ రాయి ఉండవలసిన చోటు కంటే దాదాపు 50 మీటర్లు ముందుకు జరిగి ఉంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడో, కల్వర్టు అడ్డం వచ్చినప్పుడో రాయిని కాస్త జరిపి పాతడం జరుగుతూ ఉంటుంది. మలుపులు సరిచేసి, ఊరి పక్కనుంచి బైపాస్ వేసిన చోట్ల పాత రాళ్లను అలాగే వదిలేస్తే రెండు రాళ్ల మధ్య దూరం కిలోమీటరు కాకుండానే పోతుంది. అందుకే ఒక్క కిలోమీటరు కొలతను నేను ఎన్నడూ నమ్మను. మధ్యలో ఉన్న రాయి ఎటు జరిగినా మొత్తం ఐదు కిలోమీటర్ల లెక్క చెడదు. చెడేది మొదటి రాయి గానీ చివరి రాయి గానీ జరిగి ఉన్నప్పుడు మాత్రమే. అనుమానం ఉంటే ఆ రెండు చివరల ల్యాప్‌లను మిగిలిన వాటితో పోల్చి, తేడాగా ఉన్నదాన్ని వదిలేసి, మిగిలిన కిలోమీటర్లతోనే లెక్క కట్టండి.

200 మీటర్ల రాళ్లతో కొలవవచ్చా?

కొలవవచ్చు. 720ని సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. కానీ మీట నొక్కడంలో జరిగే చిన్న తడబాటుకు ఇక్కడ విలువ పెరుగుతుంది. మనిషి చేతికి రాయి చూసిన తరువాత మీట నొక్కడానికి కొంత ఆలస్యం ఎప్పుడూ ఉంటుంది. ఆ ఆలస్యం రెండు చివర్లా సమానంగా ఉంటే దానంతట అదే రద్దయిపోతుంది. మిగిలేది ఒకసారి కాస్త ముందు, ఒకసారి కాస్త వెనుక నొక్కడం వల్ల వచ్చే తేడా, అది రెండు చివర్లూ కలిపి 0.4 సెకను అనుకుందాం. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో 200 మీటర్లు దాటడానికి 10 సెకన్లు పడతాయి కనుక, 0.4 సెకను అంటే 4 శాతం, అంటే దాదాపు 3 కిలోమీటర్ల తేడా. అదే 5 కిలోమీటర్లకు 250 సెకన్లు పడతాయి; అప్పుడు ఆ 0.4 సెకను వల్ల వచ్చే తేడా గంటకు 0.1 కిలోమీటరు మాత్రమే. స్పీడోమీటర్లో ఉన్న తప్పు మనం వెతుకుతున్నది 4 కిలోమీటర్ల పరిధిలో ఉన్నప్పుడు, 3 కిలోమీటర్ల తప్పు చేయగల కొలత దాన్ని పట్టుకోలేదు. బస్సు ఎంత జోరుగా పోతోందో ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికి చిన్న రాళ్లు బాగానే పనికొస్తాయి.

ఒంటరిగా నడిపేవారికి

కారులో డ్యాష్‌క్యామ్ ఉంటే రోడ్డు మీద మీరేమీ చేయనక్కరలేదు. స్థిరమైన వేగంతో ఐదారు కిలోమీటర్లు వెళ్లి, ఇంటికి వచ్చాక ఆ వీడియోను నెమ్మదిగా జరుపుతూ ప్రతి రాయీ చిత్రం ఎడమ అంచు దాటే క్షణం ఏ సెకను దగ్గర వచ్చిందో రాసుకోండి. సెకనుకు 30 చిత్రాలు తీసే కెమెరాలో ఆ క్షణం సెకనులో ముప్పయ్యో వంతు వరకు తెలుస్తుంది. చేతితో నొక్కేదాని కంటే ఇది ఎంతో నిక్కచ్చి. అయితే డ్యాష్‌క్యామ్ ఒకటి రెండు నిమిషాలకొక ఫైలుగా ముక్కలు చేసి దాస్తుంది, ఒక ఫైలు చివరికీ తరువాతి దాని మొదటికీ మధ్య ఖాళీ ఉండటమో, కొంత భాగం రెండింటిలోనూ ఉండటమో జరగవచ్చు. అందుకని ఫైలులోని నిమిషాలను కూడడం కంటే చిత్రంపై ముద్రించి ఉన్న గడియారం సమయాన్ని ఆధారంగా తీసుకోవడం మేలు.

సైకిల్ మీద వెళ్లేవారికి: దీపస్తంభాలు

సైకిల్‌కు కిలోమీటరు దూరం ఎక్కువ, మధ్యలో వేగం మారిపోతుంది. పట్టణంలో అయితే వీధి దీపాల స్తంభాలు చాలు. కానీ వాటి మధ్య దూరం ఇంత అని ఎక్కడా రాసి ఉండదు, ముందుగా మీరే కొలవాలి.

సైకిల్ వెనుక చక్రం టైరు మీద, దాని కింద నేల మీద సుద్దతో గీత గీయండి. ఎవరినైనా సీటు మీద కూర్చోబెట్టి, మూడు పూర్తి చుట్లు తిరిగేలా తోసి, మళ్లీ గీత నేలను తాకిన చోట ఇంకో గుర్తు పెట్టి టేపుతో కొలవండి. మనిషి కూర్చుంటే టైరు కొద్దిగా అణుగుతుంది కనుక ఖాళీ సైకిల్‌తో కొలిస్తే చుట్టుకొలత కాస్త ఎక్కువ వస్తుంది. మూడు చుట్లకు 6.6 మీటర్లు వచ్చిందనుకుంటే ఒక చుట్టు 2.2 మీటర్లు. ఇప్పుడు చక్రం ఆకుకు ఒక రంగు గుడ్డ కట్టి, మొదటి స్తంభం నుంచి పదకొండో స్తంభం వరకు సైకిల్‌ను తిన్నగా నడిపిస్తూ చుట్లు లెక్కపెట్టండి. ఖాళీ సైకిల్ నడిపించేటప్పుడు టైరు అణగదు గదా అంటారేమో. ఆ తేడా చాలా చిన్నది, అంతకంటే నిక్కచ్చిగా కావాలంటే ఎక్కి నడుపుతూ మరొకరిచేత గుడ్డను లెక్కపెట్టించండి. 136 చుట్లు వచ్చాయనుకుంటే దూరం 299 మీటర్లు.

తరువాత మామూలుగా సైకిల్ తొక్కుతూ, మొదటి స్తంభం దగ్గర "సున్నా" అనుకుని, ఆపై ఒకటి, రెండు అని లెక్కపెడుతూ "పది" దగ్గర ఆగండి. సమయం కొలిచే పని ఇక్కడ కూడా రోడ్డు పక్కన నిలబడ్డ స్నేహితుడికి ఇవ్వండి. మీరు మొదటి, చివరి స్తంభాల దగ్గర చేయి ఎత్తితే సరిపోతుంది. 54 సెకన్లు పడితే, 299ని 54తో భాగించి 3.6తో హెచ్చించండి, గంటకు 19.9, అంటే దాదాపు 20 కిలోమీటర్లు.

సున్నాతో మొదలుపెట్టమని ఎందుకు చెబుతున్నానంటే, పదకొండు స్తంభాల మధ్య ఉండేవి పది ఖాళీలే. మొదటి స్తంభాన్ని "ఒకటి" అని లెక్కపెట్టి, చివరికి పదకొండు ఖాళీలు అనుకున్నవారికి దూరం 10 శాతం పెరిగి, వేగం 22గా కనిపిస్తుంది. స్తంభాల లెక్కలో నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా ఈ ఒక్క పొరపాటువే. ఇంకో సంగతి: మలుపుల దగ్గరా, కూడళ్ల దగ్గరా స్తంభాలు దగ్గరదగ్గరగానో దూరదూరంగానో పాతుతారు. ఒక వీధిలో కొలిచిన ఖాళీని పక్క వీధికి వర్తింపజేయకూడదు, తిన్నగా ఉన్న ఒక్క భాగాన్నే ఎంచుకుని ఎప్పుడూ దాన్నే వాడండి.

లెక్కలో జరిగే పొరపాట్లు

స్టాప్‌వాచ్ 1:15 చూపితే అది ఒకటింబావు నిమిషం, అంటే 75 సెకన్లు. దాన్ని 115 అనుకోకూడదు, 1.15 నిమిషం అని కూడా అనుకోకూడదు. 75 సెకన్లకు వేగం 48 వస్తుంది.

వేగాల సగటు తీసే తీరులోనూ జాగ్రత్త కావాలి. ఒక కిలోమీటరు 40 వేగంతో, మరో కిలోమీటరు 80 వేగంతో వెళ్తే సగటు 60 అని చాలామంది అనేస్తారు. మొదటిదానికి 90 సెకన్లు, రెండోదానికి 45 సెకన్లు పట్టాయి. 135 సెకన్లలో రెండు కిలోమీటర్లు అంటే సగటు వేగం 53.3 మాత్రమే. ఎప్పుడైనా ముందు సెకన్లను కూడండి, ఆ తరువాతే భాగించండి.

వచ్చిన ఫలితం సరైనదేనా?

అదే దారిలో తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ కొలవండి. రాళ్ల మధ్య దూరం సరిగ్గా ఉండి, మీ చూపు గీత స్థిరంగా ఉంటే రెండు ఫలితాలూ ఒక కిలోమీటరు తేడాలోపు కలవాలి. నాలుగు వరుసల రహదారిపై అటు రాళ్లు వేరు, ఇటు రాళ్లు వేరు కనుక ఇది నిజంగా స్వతంత్రమైన పరీక్ష అవుతుంది.

ఫోన్ జీపీఎస్‌తోనూ పోల్చండి. బయలు ప్రదేశంలో, స్థిరమైన వేగంతో వెళ్తున్నప్పుడు అది చూపే అంకె చాలా నమ్మదగినది. వేగం మారుతున్నప్పుడు మాత్రం కాస్త వెనుకబడి చూపిస్తుంది. మా కొలతలో రాళ్లు 75.9 చెప్పగా ఫోన్ 76 చూపింది. కనుక మొదట్లో చెప్పిన ప్రశ్నకు ఆ కారు వరకు జవాబు దొరికినట్లే.

అంటే స్పీడోమీటర్ చెడిపోయిందా? లేదు. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, కొంత ఎక్కువ చూపవచ్చు అన్నది తయారీ నియమం. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది ఆ హద్దును అసలు వేగంలో పదో వంతుకు 4 కలిపినంతగా నిర్ణయించింది. 76కు ఆ లెక్కన దాదాపు 87 వరకు చూపినా తప్పు కాదు. మీ కొలతలో అసలు వేగం ముల్లు చూపినదానికంటే ఎక్కువ వస్తే మాత్రం వెంటనే పట్టించుకోవాలి. ముందు కొలతను మరోసారి చేయండి, మళ్లీ అలాగే వస్తే టైరు పక్కన ముద్రించిన సైజును కంపెనీ ఇచ్చిన సైజుతో సరిచూడండి. పెద్ద సైజు టైర్లు వేయించిన కార్లలో ఇది తరచుగా జరుగుతుంది: చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, ఆ సంగతి స్పీడోమీటర్‌కు తెలియదు.

టైరు అరుగుదల కూడా ఫలితాన్ని కొద్దిగా మారుస్తుంది. కొత్త టైరు మీద 8 మిల్లీమీటర్ల లోతున్న గాడి 2 మిల్లీమీటర్లకు అరిగితే, 300 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రం 2 శాతం చిన్నదవుతుంది, ముల్లు ఆ మేరకు ఇంకొంచెం ఎక్కువ చూపుతుంది. కాబట్టి కొలిచిన తేదీనీ, అప్పటి ఓడోమీటర్ అంకెనూ, ముల్లు 60, 80, 100 దగ్గర ఉన్నప్పుడు వచ్చిన అసలు వేగాలనూ ఒక చీటీ మీద రాసి కారులోనే ఉంచండి. 100తో కొలవడం ఆ దారిలో వేగ పరిమితి అనుమతిస్తేనే చేయండి. టైర్లు మార్చిన రోజున ఆ చీటీ పనికిరాదు, కొత్త టైర్లతో మళ్లీ కొలవాలి.